బిడ్డ చిన్నగా ఉందన్నప్పుడు డాప్లర్ ఏం చెబుతుంది, కాన్పు ఎప్పుడు

"నాకు 31వ వారం. స్కాన్‌లో బేబీ బరువు 4వ పర్సంటైల్ అని, పొట్ట కొలత బాగా తక్కువని వచ్చింది. బొడ్డుతాడు డాప్లర్‌లో పీఐ ఎక్కువుందట. వారం వారం రమ్మన్నారు. ఇంట్లో వాళ్లు బాగా తిని పడుకో అంటున్నారు, ఒకరిద్దరు వెంటనే ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. ఇంకా ఆగొచ్చా?"

రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో బొడ్డుతాడు రక్తం ముందుకే నడుస్తూ, బిడ్డ గుండె చప్పుడూ మీ బీపీ బాగున్నంత వరకూ మామూలుగా ఆగుతారు. మీ పరిస్థితికి ఆగొచ్చో లేదో చెప్పాల్సింది చూస్తున్న డాక్టరే. కానీ వాళ్లు దేన్ని చూసి ఆ మాట చెబుతారో తెలిస్తే మీకు ఈ వారాలు కాస్త తేలికవుతాయి. మా పాప విషయంలో నేను 30వ వారం నుంచి 34వ వారం దాకా ఇదే దారిలో వెళ్లాను.

ముందు ఒక్క పని చేయండి. మీ వారాల లెక్క ఏ స్కాన్ నుంచి వచ్చిందో చూసుకోండి. మొదటి మూడు నెలల్లో బిడ్డ తల నుంచి పిరుదు దాకా కొలిచి ఇచ్చిన తేదీయే సరైనది. నాకు మొదట స్కాన్ తీసిన చోట 24వ వారంలో కొలతలు తక్కువ వస్తే, "మీ డేట్ తప్పై ఉంటుంది" అని కాన్పు తేదీని పది రోజులు ఆలస్యంగా మార్చేశారు. దాంతో కాగితం మీద అంతా నార్మల్. బిడ్డ చిన్నగా ఉన్న సంగతే దాగిపోయింది. 30వ వారంలో వేరే డాక్టరు పాత ఫైల్ అంతా తిప్పి, 9వ వారం స్కాన్ పక్కన పెట్టుకుని లెక్కేస్తే, అంచనా బరువు 1080 గ్రాములు, అంటే 3వ పర్సంటైల్ కంటే తక్కువ, అదే వారాలున్న వందమంది బిడ్డల్లో చివరి ముగ్గురిలో ఒకరన్నమాట. మొదట్లో పక్కాగా తేలిన తేదీని తర్వాతి స్కాన్‌లను బట్టి మార్చకూడదని నాకు అప్పుడే తెలిసింది.

పర్సంటైల్ ఒక్కటే చూసి భయపడొద్దు. పదో పర్సంటైల్ లోపు వచ్చిన బిడ్డల్లో కొందరు తల్లిదండ్రుల పోలికతో పుట్టుకతోనే చిన్నవాళ్లు, ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లకు డాప్లర్ బాగుంటుంది, తమ గీత మీదే పెరుగుతూ పోతారు. ఎదగాల్సినంత ఎదగలేకపోతున్న బిడ్డ వేరు. అక్కడ ఎక్కువసార్లు ఇబ్బంది బిడ్డకు ఆహారం, ఆక్సిజన్ అందించే మాయలోనే ఉంటుంది. పొట్ట కొలత ముందు తగ్గడానికీ అదే కారణం. ఆహారం చాలకపోతే కాలేయంలో నిల్వలు ఉండవు, కాలేయం చిన్నదైతే పొట్ట చుట్టుకొలత తగ్గుతుంది, తల మాత్రం దాదాపు వయసుకు తగ్గట్టే ఉంటుంది. క్రోమోజోమ్ లోపాలు, సీఎంవీ లాంటి ఇన్ఫెక్షన్లు, తల్లికి బీపీ, కిడ్నీ జబ్బు, లూపస్, పొగతాగడం కూడా కారణాలవుతాయి. అందుకే అవయవాల స్కాన్ మళ్లీ శ్రద్ధగా చూస్తారు, కొందరికి రక్త పరీక్షలు గానీ ఉమ్మనీటి పరీక్ష గానీ రాస్తారు.

ఇక డాప్లర్. బొడ్డుతాడు ధమనుల్లో రక్తం బిడ్డ గుండె నుంచి మాయ వైపు వెళ్తుంది. మాయలోని సన్నని నాళాలు మూసుకుపోయే కొద్దీ ఎదురు పెరుగుతుంది. గుండె కొట్టినప్పటి వేగానికీ, రెండు దెబ్బల నడుమ పడిపోయిన వేగానికీ ఉన్న తేడాను సగటు వేగంతో భాగిస్తే వచ్చేదే పీఐ. ఎదురు ఎక్కువైతే అదీ ఎక్కువవుతుంది. ఆ అంకె కంటే నాకు బొమ్మే బాగా అర్థమైంది. స్క్రీన్ మీద రంపపు పళ్లలా వరుసగా కొండలు వస్తాయి. బాగున్నప్పుడు కొండకూ కొండకూ మధ్య కూడా అడుగు గీత పైన నిండుగా రంగు ఉంటుంది. అంటే గుండె కొట్టని క్షణంలోనూ రక్తం మాయలోకి జారుతూనే ఉంది. మీది ఇప్పుడున్న దశలో ఆ లోయ పలచబడి ఉంటుంది, కానీ ఉంటుంది. తర్వాతి దశలో లోయ అడుగు గీతకు ఆనుకుని ఖాళీ పడుతుంది. దాన్ని ఎండ్ డయాస్టొలిక్ ఫ్లో లేకపోవడం అంటారు. ఇంకా ముదిరితే ఆ ఖాళీలో గీత కిందకి చిన్న పన్ను కనిపిస్తుంది, రక్తం వెనక్కి తంతోందన్నమాట. రిపోర్టులో మీరు వెతకాల్సింది ఈ మూడింటిలో ఎక్కడున్నారన్నదే.

బొడ్డుతాడుతో పాటు మెదడులోని రక్తనాళం కూడా చూస్తారు, దాన్ని ఎంసీఏ అంటారు. అక్కడ పీఐ తగ్గితే మంచిదనుకుని నేను సంబరపడ్డాను. నిజానికి తక్కువ పీఐ అంటే బిడ్డ ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ మెదడుకు మళ్లించుకుంటోందని. 32 వారాలు దాటాక మొదలయ్యే ఎదుగుదల లోపంలో బొడ్డుతాడు డాప్లర్ బాగానే ఉండి, మార్పు ఇక్కడే కనిపించడం మామూలే. అందుకే రెండూ కలిపి చదవాలి. నెలలు బాగా తక్కువ ఉన్నప్పుడు డక్టస్ వీనోసస్ అనే సిరను కూడా చూస్తారు. అక్కడ అలల్లో ఒకటి మాయమైనా, తిరగబడినా బిడ్డ గుండె అలసిపోతోందని అర్థం, ఇక ఆగరు.

వారం వారం రమ్మన్నది డాప్లర్ కోసం, బరువు కోసం కాదు. బరువు అంచనాలో 10 నుంచి 15 శాతం తేడా రావడం సహజం, కాబట్టి ఎదుగుదల కొలతలను రెండు మూడు వారాల ఎడంలో పోల్చాలి. నేను వారానికే మళ్లీ కొలిపించుకుని 40 గ్రాములే పెరిగిందని రాత్రంతా ఏడ్చాను. అంత చిన్న ఎడంలో ఆ అంకెకు విలువ లేదు.

తిండి, విశ్రాంతి సంగతి. మీ శరీరంలోకి చేరిన ఆహారం మాయ దాటడంలోనే చిక్కు ఉంటే ఎక్కువ తిన్నా బిడ్డకు చేరదు. మంచం దిగకుండా పడుకోవడం వల్ల బిడ్డ పెరుగుతుందని ఏ పరిశోధనా చూపలేదు, పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. సిల్డెనాఫిల్ ఇస్తే రక్తం బాగా పారుతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. నెదర్లాండ్స్‌లో ఆ మందు మీద జరిగిన ట్రయల్‌ను, పుట్టిన పిల్లల్లో ఊపిరితిత్తుల సమస్యలూ మరణాలూ కనిపించడంతో 2018లో ఆపేశారు. మాయను కడుపులో బాగు చేసే మందు ఇప్పటికీ లేదు. ఉన్న వైద్యం సరైన రోజున బయటికి తీయడమే.

ఆ రోజు ఎలా తేలుతుందంటే, లోపల ఉంటే వచ్చే ముప్పునూ నెలలు నిండక పుడితే వచ్చే ముప్పునూ ప్రతి స్కాన్‌లో తూకం వేస్తారు. 3 నుంచి 10 పర్సంటైల్ మధ్య ఉండి డాప్లర్లన్నీ బాగుంటే సాధారణంగా 38, 39 వారాల దాకా ఆగుతారు. 3 కంటే తక్కువైనా, మీలా పీఐ పెరిగి ప్రవాహం మాత్రం ముందుకే ఉన్నా, 37 దగ్గర. లోయలో ఖాళీ పడితే 33, 34 వారాలు. వెనక్కి తంతుంటే 30 నుంచి 32. ఇవి పైహద్దుల్లాంటివి. ఈలోగా బీపీ అదుపు తప్పినా, ఎన్ఎస్‌టీలో బిడ్డ గుండె గ్రాఫ్ చెడినా అంతకంటే ముందే తీస్తారు. 31 వారాల్లో మీ ఊరట కోసం తీసేస్తే బిడ్డ ఊపిరితిత్తులు, పేగులు ఆ భారం మోయాలి. "వెంటనే తీయించుకో" అనేవాళ్లకు ఈ రెండో పళ్లెం కనిపించదు.

మా విషయంలో 32వ వారంలో నాకు బీపీ 148/94 వచ్చింది. చెడిన మాయతో బీపీ జంటగా రావడం మామూలేనన్నారు. వారానికి రెండుసార్లు డాప్లర్. 33 వారాల 2 రోజులకు లోయలో ఖాళీ కనిపించింది. అదే రోజు అడ్మిట్ చేసి బీటామెథసోన్ 12 మిల్లీగ్రాములు, 24 గంటలకు మరో 12 ఇచ్చారు. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమవడానికి. మర్నాడు స్కాన్‌లో ఖాళీ పూడుకుపోయి రంగు కనిపించింది! బాగైపోయింది, ఇంటికి వెళ్లొచ్చనుకున్నాను. డాక్టరు నా పక్కన కూర్చుని, ఇంజెక్షన్ వల్ల కొన్ని రోజులు ప్రవాహం అలా తిరిగి వస్తుందని, మాయ మారలేదని చెప్పారు. రోజూ ఎన్ఎస్‌టీ పెట్టారు. ఆ ఇంజెక్షన్ల తర్వాత రెండు మూడు రోజులు గ్రాఫ్ కాస్త చప్పగా ఉండొచ్చని కూడా ముందే చెప్పారు. నాలుగో రోజు ఖాళీ మళ్లీ వచ్చింది. 34 వారాలు నిండిన రోజు సిజేరియన్ చేశారు. నొప్పులు పడితే ప్రతి నొప్పికీ మాయలో రక్తం ఇంకా తగ్గుతుంది, ఈ దశలో ఉన్న బిడ్డ తట్టుకోలేకపోవచ్చు, అందుకే నొప్పులు తెప్పించలేదు.

పాప 1450 గ్రాములు. పుట్టగానే ఏడ్చింది. రెండు గంటలకే షుగర్ పడిపోయింది, కాలేయంలో నిల్వ లేని పిల్లలకు ఇది ముందుగా వచ్చే చిక్కు. పాలు ట్యూబుతో, ఒళ్లు వెచ్చగా ఉంచడానికి వార్మర్‌లో. 24 రోజులు పసిపిల్లల ఐసీయూలో, అంటే ఎన్ఐసీయూలో ఉంది. మీ కాన్పు ఎక్కడ జరిగినా, మీ వారాలకు తగ్గ ఎన్ఐసీయూ అక్కడే ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. పుట్టాక తరలించడం కంటే కడుపులో ఉండగా వెళ్లడం మేలు.

డాప్లర్ బాగుందన్న వారంలో కూడా కదలికలు తగ్గితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, ఆ రాత్రే వెళ్లండి. తలనొప్పి తగ్గకపోయినా, కళ్ల ముందు మెరుపులు వచ్చినా, పొట్ట పైభాగం నొప్పెట్టినా, రక్తం కనిపించినా అంతే.

ఇంకొకటి, కాన్పుకు ముందే మాయను పాథాలజీకి పంపమని అడగండి. తర్వాత అడిగితే అది ఉండదు. మా రిపోర్టులో మాయ చిన్నదని, రక్తం అందక చచ్చుబడిన భాగాలు చాలా ఉన్నాయని వచ్చింది. ఆ కాగితం, నాకు వచ్చిన బీపీ చూసే, మళ్లీ గర్భం వస్తే 16 వారాల్లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలని డాక్టరు నా ఫైల్ మొదటి పేజీలో రాశారు.