సుధా, ముందు నారు వయసు చూడు, తర్వాతే గీతలు గీసే మార్కర్ పట్టుకో

చిరంజీవి సుధకి,

అత్త ఆశీస్సులు. రెండెకరాల్లో, లేత నారుని దూరం దూరంగా ఒక్కోటిగా నాటే శ్రీ పద్ధతిలో వరి వేస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చెప్తున్నప్పుడు వాడి గొంతులో సగం భయం, సగం గర్వం. నాకూ అంతే. గర్వం సంగతి పంట చేతికొచ్చాక మాట్లాడుకుందాం. భయం సంగతి మాత్రం ఇప్పుడే రాయాలి, ఎందుకంటే నారు పోశాక చెప్పి లాభం లేదు.

తెలిసినవి తిరగేసి చెప్పను. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు, నారుమడిలో పలచగా చల్లు. పొలం ఎగుడుదిగుడు లేకుండా చదును చేయించు. నాటిన పది పన్నెండు రోజులకి కలుపు తీసే వీడర్ దించు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. మొక్కల మధ్య అంత ఖాళీ వదిలావంటే అది ఊదకీ తుంగకీ ఖాళీయే మరి. నీళ్లు నిలబెట్టకుండా ఆరుతడి పెట్టు, కంకి లోపల కట్టే చిరుపొట్ట దశ నుంచి మాత్రం పలచగా నీరు ఉండాలి.

ఇక అసలు సంగతి. ఒక్కో చోట ఒక్కటే మొక్క, అటూ ఇటూ పాతిక సెంటీమీటర్ల దూరం అనగానే అందరూ ఆ దూరాన్నే పట్టుకుంటారు. దూరం ఈ పద్ధతిలో రెండో మాట. మొదటి మాట నారు వయసు. రెండూ కలిసి ఉంటేనే లెక్క కుదురుతుంది, విడదీస్తే నష్టం.

ఎందుకో చెప్తాను, ఓపికగా చదువు. వరి మొక్కకి నాలుగో ఆకు వస్తున్నప్పుడు మొదటి ఆకు మొదట్లోంచి తొలి పిలక, అంటే పక్క కాడ, బయటపడుతుంది. ఐదో ఆకుతో రెండో ఆకు మొదట్లోంచి ఇంకోటి. ఇలా ఒక్కో ఆకు ఒక్కో మెట్టు. పిలకలు కూడా తమ ఆకుల్ని బట్టి పిలకలు వేస్తాయి కాబట్టి ఇది వడ్డీ మీద వడ్డీ లాంటిది. మొక్కకి అన్నీ కలిసొస్తే ఐదు రోజులకో మెట్టు. చలి, మురుగునీరు, ఇరుకు, వేరు దెబ్బ, వీటిలో ఏది తగిలినా మెట్టుకి ఏడెనిమిది రోజులు పడుతుంది. జపాన్ శాస్త్రవేత్త కటాయమా ఈ వరసను గమనించి రాసిపెట్టాడు. దాని ప్రకారం ఎనిమిది మెట్లు ఎక్కిన మొక్కకి 13 పిలకలుంటే, పది మెట్లకి 33, పన్నెండు మెట్లకి 84 అవుతాయి. చివరి రెండు మెట్లు పోతే రెండు పిలకలు కాదు పోయేది, సగం పైన పోతాయి.

అందుకే ఎనిమిది నుంచి పన్నెండు రోజుల నారు తియ్యమంటారు. అప్పటికి రెండాకులు విచ్చుకుని మూడోది తొంగిచూస్తూ ఉంటుంది. పిలకల పని ఇంకా మొదలవ్వలేదు కాబట్టి పీకినా పోయేదేమీ లేదు. మడగాస్కర్‌లో హెన్రీ ద లౌలానియే అనే ఫ్రెంచి ఫాదర్ 1983లో పరిస్థితులు కలిసిరాక పదిహేను రోజుల లేత నారునే నాటించాల్సి వచ్చింది. ఆ మొక్కలు వేసిన పిలకల్ని చూశాకే ఈ పద్ధతికి ఓ రూపం వచ్చింది. గమనించావా, అక్కడ మొదలైంది వయసుతోనే.

ఇప్పుడు మీ మామయ్య చేసిన పని చెప్తాను. ఆయన ఉంటే ఇది రాయనిచ్చేవారు కాదు.

ఈ పద్ధతి గురించి విన్న ఏడాది ఆయన ఊరందరికీ చెప్పుకున్నారు. నారు చక్కగా మొలిచింది. పది రోజులకి నాటాలి. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. పొలం నిండా నీళ్లు, తీసే దారి లేదు. నీళ్లు తగ్గేసరికి కూలీలు వేరే చేలల్లోకి వెళ్లిపోయారు. చివరికి మనుషులు దొరికేసరికి నారుకి పాతిక రోజులు. ఆరాకులతో జానెడు పైన పెరిగి, మడిలో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంది. పొలంలో మార్కర్ గీతలు సిద్ధంగా ఉన్నాయి. "ఇంత ముదురు నారు ఒక్కోటి నాటితే ఎలా? దగ్గరగా, రెండేసి మొక్కలు పెట్టిద్దాం" అన్నాను. "పద్ధతి అంటే పద్ధతే" అన్నారు. నలుగురికీ చెప్పేసుకున్నారు కదా, వెనక్కి తగ్గాలంటే మనసొప్పలేదు.

ఆ నారు లాగుతుంటే నేనూ చేయి వేశాను. ఒక మొక్క మొదలు విప్పి చూస్తే కింది ఆకుల మొదళ్లలో పిలకల మొగ్గలు అణగి, ఎండిన పొరల్లా అంటుకుని ఉన్నాయి. ఇరుకులో నిద్రపోయిన మొగ్గలవి, తర్వాత ఎంత చోటిచ్చినా మళ్లీ లేవవు. వేళ్లు సగం మడిలోనే తెగిపోయాయి. నాటాక వారం పైన ఆ మొక్కలు పసుపు రంగులోనే కూర్చున్నాయి. అంటే కింది మెట్లు మడిలో పోయాయి, ఇంకో మెట్టో రెండో పొలంలో కోలుకోవడానికి పోయాయి.

అయినా ఆయనకి ధైర్యమే. గట్టు పక్కన ఒక దుబ్బు దొరికింది, 28 పిలకలు. చదరపు మీటరుకి పదహారు కుదుళ్లు కదా, గుణిస్తే 448 కంకులు అని లెక్కేసి సంబరపడ్డారు. గట్టు పక్క మొక్కకి ఒకవైపు పోటీయే లేదు, ఎండా దానిదే, ఎరువూ దానిదే. చేను మధ్యలోకి వెళ్లి కోతల ముందు నేను లెక్కపెడితే కంకి వేసిన పిలకలు కుదురుకి తొమ్మిదీ పదీ.

పది వేసుకో. పదహారు కుదుళ్లకి 160 కంకులు. చోటు ఎక్కువ కాబట్టి కంకులు పెద్దవే, ఒక్కోదానికి 130 నిండు గింజలు. వెయ్యి గింజల బరువు 22 గ్రాములు. గుణిస్తే చదరపు మీటరుకి 458 గ్రాములు, అంటే ఎకరానికి 18 క్వింటాళ్లు. పక్క చేనువాళ్లు అదే ముదురు నారుని అటు 20, ఇటు 15 సెంటీమీటర్ల దూరంలో మామూలుగా నాటారు. చదరపు మీటరుకి 33 కుదుళ్లు, కుదురుకి ఎనిమిదే కంకులు, కంకికి 110 గింజలు. చూడ్డానికి అవి బక్క దుబ్బులే. కానీ లెక్కేస్తే 639 గ్రాములు, ఎకరానికి 25 క్వింటాళ్ల పైమాట. మీ మామయ్య దుబ్బులు చూసి వెళ్లినవాళ్లెవరూ ఈ లెక్క వెయ్యలేదు.

అదే లేత నారు సకాలంలో పడితే పదహారు కుదుళ్లే ఇరవయ్యేసి కంకులు వేసి 320 ఇవ్వగలవు. కంకికి 110 గింజలు వేసుకున్నా ఎకరానికి 31 క్వింటాళ్లు తేలుతుంది. పద్ధతిలో బలం లేదని నేననడం లేదు సుధా, వయసు తప్పితే ఆ బలం నిలవదంటున్నాను.

పిలకల మీద పండితులు కొట్టుకున్నదీ ఇక్కడే. ఒకరు అరవై డెబ్బై పిలకల దుబ్బు ఫొటో చూపిస్తారు. ఇంకొకరు, చదరపు మీటరు నేల మీద పడే ఎండ ఎక్కడైనా అంతే కదా, దుబ్బు లావైనంత మాత్రాన పంట ఎక్కడినుంచి వస్తుందంటారు. 2004లో చైనాలో మూడు చోట్ల పోల్చి చూసినవాళ్లు ఈ పద్ధతికి ప్రత్యేకమైన మేలేమీ లేదని రాశారు. మద్దతుదారులేమో వాళ్లు పద్ధతిని సరిగ్గా పాటించనే లేదన్నారు. నాకు మద్దతుదారుల మాటలో కొంతా, ఎండ లెక్క చెప్పేవాళ్ల మాటలో ఎక్కువా నిజం కనిపిస్తుంది. 84 పిలకలు పదహారు కుదుళ్లకి వేస్తే చదరపు మీటరుకి పదమూడు వందల పైన కాడలు. అన్నింటికీ వెలుతురెక్కడిది? ఆలస్యంగా వచ్చినవి నీడలో చచ్చిపోతాయి, లేదా తాలు కంకులు వేస్తాయి. దుబ్బులో కొన్ని పండి కొన్ని పచ్చగా ఉంటే కోత తేదీ కూడా తేలదు. అప్పటిదాకా ముదురు నారుతో, మురుగునీటిలో పండించినవాళ్లకి ఈ పద్ధతి పెద్ద మార్పు చూపిస్తుంది. ముందే శ్రద్ధగా చేస్తున్నవాళ్లకి తేడా చిన్నది, ఒక్కోసారి అసలు ఉండదు. హెక్టారుకి పదిహేను, ఇరవై టన్నులు అనే కబుర్లు విని టెన్షన్ పడకు, ఆశా పడకు.

కాబట్టి నేను చెప్పేది ఇది. నారు రెండు విడతలుగా పొయ్యి, వారం తేడాతో. విత్తనం రెండు కిలోలే కాబట్టి రెండో విడత ఖర్చు పెద్దది కాదు. ముసురొచ్చినా మనుషులు తప్పినా నీ చేతిలో లేత నారు ఉంటుంది. పదిహేను రోజులు దాటిన నారుని పాతిక సెంటీమీటర్ల గీతల్లో ఒక్కోటి నాటకు. అప్పుడు 20, 15 దూరానికి దిగి, కుదురుకి రెండేసి పెట్టించు. ఎవరేమన్నా సరే. నువ్వు ఎంచుకున్న రకం స్వల్పకాలికమైతే లేత నారుకి కూడా 20, 20 మేలు, ఎందుకంటే దానికి మెట్లెక్కే వ్యవధి తక్కువ.

నాటేటప్పుడు నువ్వు పక్కనే ఉండు. లేత మొక్కని గింజతో, మట్టితో సహా రేకు మీద ఎత్తి, అరగంటలోపు నాటాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని బురదలో పక్కకి జార్చాలి, పైనుంచి నొక్కకూడదు. నొక్కితే వేరు కొస పైకి తిరిగిపోతుంది, అది మళ్లీ కిందికి వంగడానికి రోజులు తింటుంది. అలవాటైన చేతులు నొక్కేస్తాయి, కోప్పడకుండా చూపించు. మూడు నాలుగు రోజులాగి ఒక మొక్కని మెల్లగా తీసి చూడు. తెల్లటి కొత్త వేళ్లు కనిపిస్తే సరిగ్గా పడినట్టే.

మొదటి మూడు వారాలు చేను ఖాళీగా కనిపిస్తుంది. గట్టు మీద నిలబడి నవ్వేవాళ్లుంటారు. ఆ బెంగతో యూరియా అదనంగా చల్లకు తల్లీ. అది ఆలస్యపు పిలకల్ని లేపుతుందే తప్ప ముందు పిలకల్ని తేదు.

చేనుకి ఒక పక్క నాలుగు సాళ్లు కాదు, ఓ పాతిక సెంట్లు మామూలు పద్ధతిలో వెయ్యి. అదే రకం, అదే ఎరువు. కోతకి ముందు రెండింటిలోనూ గట్టుకి దూరంగా ఐదేసి చోట్ల చదరపు మీటరు కొలిచి కంకులు లెక్కపెట్టు. నచ్చిన చోటు ఎంచుకోకు, కళ్లు మూసుకుని కర్ర విసిరి అది పడ్డ చోట కొలువు. ధాన్యం ఆరబెట్టాకే తూకం వెయ్యి.

ఆ తూర్పు పల్లపు మూల నాకు గుర్తుంది, ఎంత చదును చేసినా వానకి నీళ్లు నిలుస్తాయక్కడ. ఏడంగుళాలైనా లేని లేత మొక్క మూడు రోజులు మునిగితే కుళ్లిపోతుంది. ఆ మూలకి మాత్రం పాత పద్ధతిలో, ముదురు నారే పెట్టించు. నారు పోసిన రోజున తేదీ ఒకటి నాకు మెసేజ్ పెట్టు, పదో రోజున నేనే ఫోన్ చేస్తాను.

మీ అత్త