కూడికలో పోయిన మాస్టారు

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, పెట్టుబడి సలహాదారు పరీక్షలు రెండూ పాసయ్యావట, సెబీ రిజిస్ట్రేషన్‌కి పెడుతున్నావట. ఆ సాయంత్రం మీ అత్తతో ఓ పది సార్లు అదే మాట చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో కిందే రాస్తాను.

డబ్బు పెట్టేవాళ్ళు ఎంత నష్టం తట్టుకోగలరో తేల్చడానికి నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల కాగితం చూశాను. వయసు, ఆదాయం, అప్పులు, ఇప్పటికే ఉన్న పొదుపు, డబ్బు ఎందుకు, ఎన్నాళ్ళకి, ఇవన్నీ ఉన్నాయి. సెబీ 2013లో తెచ్చిన నిబంధనలూ అవే అడగమంటాయి. వాటి గురించి నేను చెప్పేదేం లేదు. కానీ ఇరవై అయిదు ప్రశ్నలేమిటే తల్లీ, పదిహేనో ప్రశ్న దాటాక ఎవరైనా చదవకుండానే టిక్కులు పెడతారు. పన్నెండు చాలు.

నేను కంగారుపడింది చివర్లో మార్కులన్నీ కూడి "జాగ్రత్త, మధ్యస్థం, దూకుడు" అని మూడు గడులు పెట్టావే, అది చూసి. ఆ కూడికే నన్ను ముంచింది.

2008 జనవరి. సెన్సెక్స్ ఇరవై ఒక్క వేలు తాకింది. మన తెనాలిలో కిళ్ళీ కొట్టు దగ్గర కూడా మ్యూచువల్ ఫండ్ల మాటే. నేను అప్పుడు ఆ ఫండ్లు అమ్మే ఏజెంటుని. అప్పుడే రిటైరైన ఒక లెక్కల మాస్టారు పన్నెండు లక్షలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. యాభై ఎనిమిదేళ్ళు, పెన్షన్ ఉంది, సొంతిల్లు, అప్పుల్లేవు. ఓ ఫండ్ కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం నా దగ్గరుండేది, ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. నేను చదువుతున్నాను, ఆయన చెప్తున్నారు, టిక్కులు నేను పెడుతున్నాను. అదే మొదటి తప్పు, కలం నా చేతిలో ఉండటం. వయసుకి ఒకటి. పెన్షన్‌కి నాలుగు, ఇంటికి నాలుగు, అప్పు లేనందుకు నాలుగు. మార్కెట్ పడితే ఏం చేస్తారంటే "చూద్దాంలెండి" అన్నారు, రెండు వేశాను. అనుభవానికి ఒకటి. ఆఖరిది, డబ్బు ఎంతకాలం ఉంచుతారు. ఆయన కాసేపు ఆగి "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, కుదిరితే వచ్చే మాఘంలో..." అన్నారు. నేనేమన్నానో తెలుసా? "కుదిరినప్పుడు చూసుకుందాం మాస్టారూ, మామూలుగా అయితే అయిదేళ్ళు ఉంచుతారు కదా?" ఆయన తలూపారు. నాలుగు వేశాను.

మొత్తం ఇరవై. పద్దెనిమిది దాటితే దూకుడు. ఎనిమిది లక్షలు, రోడ్లు, కరెంటు కంపెనీల షేర్లు కొనే ఇన్‌ఫ్రా ఫండ్‌లో పెట్టించాను. అప్పట్లో పెట్టేటప్పుడే రెండుంపావు శాతం లోడ్ కోసేవాళ్ళు, అందులో పెద్ద వాటా నాకే వచ్చేది. అది నా చెవికి అడ్డం పడలేదని ఇప్పుడు ఒట్టు పెట్టి చెప్పలేను.

అక్టోబరు ఆఖరుకి సెన్సెక్స్ ఎనిమిది వేల దగ్గరికి జారింది. మాఘానికి పెళ్ళి కుదిరింది. అమ్మితే మూడు లక్షల నలభై వేలు వచ్చాయి. మాస్టారు అరవలేదు. ఆ కాగితం జిరాక్సు తెచ్చి మా అరుగు మీద కూర్చుని, ఏడో ప్రశ్న మీద వేలు పెట్టి, "నేను మాఘం అన్నాను కదా బాబూ, ఇక్కడ అయిదేళ్ళు ఎలా వచ్చింది?" అని అడిగారు. లెక్కల మాస్టారు కదా, తప్పు ఏ మెట్టులో జరిగిందో వెతుక్కుంటూ వచ్చారు. 2010 నవంబరులో సెన్సెక్స్ మళ్ళీ ఇరవై ఒక్క వేలకి వచ్చిందని నాకు జనం స్వీట్లు పంచారు. పెళ్ళి చేసిన ఇంటికి ఆ వార్తతో ఏం పని?

ఇప్పుడు లెక్క చూడు. నేను నిజాయితీగా ఏడో ప్రశ్నకి ఒకటి వేసినా మొత్తం పదిహేడు, మధ్యస్థం. అప్పుడూ సగం డబ్బు షేర్లలోకే వెళ్ళేది. పెళ్ళి డబ్బులో రూపాయి కూడా వెళ్ళకూడదు. అంటే నా టిక్కు ఒక్కటే కాదు, కాగితమే తప్పు. పెన్షన్‌కొచ్చిన నాలుగు మార్కులు మాఘానికొచ్చిన ఒక్క మార్కుని మింగేశాయి.

అందుకని స్థోమత వేరు, ధైర్యం వేరు అని రెండు కాగితాలు చెయ్యి. నష్టం వస్తే ఇల్లు నడుస్తుందా అనేది స్థోమత. నిద్ర పడుతుందా అనేది ధైర్యం. రెండిటినీ కలపకు, ఏది తక్కువో దాన్నే పట్టుకో. ఇక గడువు మనిషికి కాదు, డబ్బుకి రాయి. ఒకే మనిషికి పెళ్ళి డబ్బు ఏడాదిది, ముసలితనం డబ్బు ఇరవై ఏళ్ళది. మూడేళ్ళ లోపు కావాల్సిందైతే మార్కులతో పని లేదు, ఎఫ్‌డీనో లిక్విడ్ ఫండో.

నీ తొమ్మిదో ప్రశ్న తీసెయ్. "మార్కెట్ 20 శాతం పడితే? అమ్మేస్తా, ఉంచుతా, ఇంకా కొంటా." ఎదురుగా కూర్చున్నవాడు పిరికివాణ్ణని ఒప్పుకుంటాడా? మూడోదే కొడతాడు. రూపాయల్లో అడుగు: మీ పది లక్షలు ఆరు నెలల్లో ఆరున్నర లక్షలైతే ఆ మాట ఇంట్లో ఎవరికి ముందు చెప్తారు, ఏ పని ఆగిపోతుంది? ఆ తర్వాత ఇదివరకు నిజంగా ఏం చేశారో అడుగు. 2020 జనవరిలో పన్నెండు వేల పైన ఉన్న నిఫ్టీ మార్చికల్లా ఏడున్నర వేల దాకా పడింది, అప్పుడు మీరు నెలనెలా కట్టే సిప్ ఏం చేశారు? స్టేట్‌మెంట్ చూపించమను. ఆ పతనం తర్వాత మార్కెట్‌లోకి వచ్చినవాళ్ళు "నాకు భయం లేదు" అంటే, అది ఇంకా తెలియని సంగతి అని రాసుకో, ధైర్యం అని రాయకు. స్థలాల మీద సంపాదించినవాళ్ళు తమని తాము మొండివాళ్ళనుకుంటారు. వాళ్ళ ప్లాటు ధర రోజూ ఫోన్‌లో కనపడదు కాబట్టి ఆ ధైర్యం.

కాగితం నింపేదాకా ఏ ఫండ్ పేరూ, ఏ రాబడీ ఎత్తకు. కలం వాళ్ళకే ఇవ్వు. చదువు రానివాళ్ళైతే వాళ్ళ మాట వాళ్ళ మాటల్లోనే పక్కన రాయి, మాఘం అంటే మాఘం అనే. భార్యాభర్తలు వస్తే విడివిడిగా నింపించు. ఆయన "దూకుడు" అన్నప్పుడు ఆవిడ చీర కొంగు సవరించుకుంటుంది చూడు, అది కూడా జవాబే.

మనిషిని దూకుడు వైపు నెట్టడం అంటే అబద్ధం చెప్పడమే అనుకోకు. "భయం" అన్నవాడికి ధరలు పెరుగుతున్నాయని నాలుగు సార్లు చెప్పి మళ్ళీ అదే ప్రశ్న అడిగితే అది నెట్టడమే. సంగతి ఒక్కసారి చెప్పు, చాలు. మనసు మార్చుకుంటే పాత జవాబు చెరిపెయ్యకు, కొట్టేసి, తేదీ వేసి, కారణం వాళ్ళ చేతనే రాయించు, వారం ఆగు. మార్కెట్ పెరుగుతున్నప్పుడు "నన్ను దూకుడులోకి మార్చండి" అని వస్తే ఇంకా ఆగు. నీకు నాలా కమీషన్ ఉండదు, ఫీజే. అయినా మంచి రాబడి చూపించి మెప్పు పొందాలని ఉంటుందే, నిన్ను నేను ఎరుగుదును, పదో తరగతిలో మార్కుల కోసం జ్వరంతో వెళ్ళి పరీక్ష రాశావు.

కోప్పడుతున్నాననుకోకు. మాస్టారు పోయి నాలుగేళ్ళయింది. ఆ జిరాక్సు నా బీరువాలోనే ఉంది, దసరాకి వచ్చినప్పుడు ఇస్తాను. కొత్త కాగితం రెండు కాపీలు తెచ్చుకో, నాకొకటి, మీ అత్తకొకటి. మొన్న ఊరికే అడిగాను, పది లక్షలు ఆరున్నర అయితే ఏం చేస్తావని. "ముందు నీకు అన్నం మానేస్తాను" అంది. అది ఏ గడిలో పడుతుందో నువ్వే చూసి చెప్పు.

మీ మామయ్య