కట్టిన బిల్లు కట్టలేదని క్రెడిట్ రిపోర్టులో పడితే

సందేహం: పాత క్రెడిట్ కార్డు క్లోజ్ చేస్తూ చివరి బిల్లు 92 డాలర్లు కట్టేశాను. ఇప్పుడు కారు లోన్‌కి వెళ్తే, ఆ బిల్లు 60 రోజులు ఆలస్యమని రిపోర్టులో ఉందంటున్నారు. కార్డు బ్యాంకుకి ఫోన్ చేస్తే "చూస్తాం" అన్నారు. ఏం చెయ్యాలి?

ముందు ఒక మాట. విసుగొచ్చి ఆ 92 డాలర్లు మళ్లీ కట్టెయ్యకండి. కట్టినా ఆలస్యమైన మచ్చ పోదు, ఏడేళ్ల దాకా ఉండిపోవచ్చు. పైగా బాకీ ఉన్నట్టు మీరే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది.

annualcreditreport.com లో అమెరికాలోని మూడు క్రెడిట్ బ్యూరోలు ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ ఇచ్చే మూడు రిపోర్టులూ ఉచితంగా తీసుకోండి. తప్పు మూడింట్లోనూ ఉండాలని లేదు. ఎందులో ఉంటే ఆ బ్యూరోకే విడిగా డిస్ప్యూట్, అంటే ఈ నమోదు తప్పని అభ్యంతరం, వెయ్యాలి, ఒకరికి చెబితే మిగతావాళ్లకి చేరదు.

చాలామంది బ్యాంకుతోనే తేల్చుకుందామని చూస్తారు. బ్యాంకుకీ రాయండి, కానీ అక్కడితో ఆగకండి. బ్యాంకు సరిగ్గా విచారించకపోతే, క్రెడిట్ రిపోర్టుల చట్టమైన ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ కింద దాని మీద కోర్టుకెళ్లే హక్కు మీకొచ్చేది బ్యూరో ద్వారా డిస్ప్యూట్ వేశాకే. ఫోన్ కాల్‌కైతే సాక్ష్యమే ఉండదు.

బ్యూరోకి రాసే ఉత్తరం పొట్టిగా ఉంటే చాలు. "ఫలానా నంబరుతో ముగిసే ఖాతాలో 60 రోజుల ఆలస్యం తప్పు. ఫలానా తేదీన 92 డాలర్లు కట్టాను. స్టేట్‌మెంట్ జతచేశాను. ఆ నమోదు తొలగించండి." దీనితో పాటు డబ్బు కట్ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ, తప్పు లైను చుట్టూ గీత గీసిన రిపోర్టు కాపీ, మీ గుర్తింపు, చిరునామా ఆధారాలు పెట్టండి. ఒరిజినల్స్ పంపకండి. సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్‌తో పంపితే చేరిన తేదీ మీ చేతిలో ఉంటుంది. ఆన్‌లైన్‌లోనూ వెయ్యొచ్చు, నేనైతే ఉత్తరాన్నే నమ్ముతాను.

బ్యూరోకి మామూలుగా 30 రోజుల గడువు, ఉచిత వార్షిక రిపోర్టు తీసుకున్నాక వేసిన డిస్ప్యూట్ అయితే 45. మధ్యలో మీరు కొత్త కాగితాలు పంపినా 45 దాకా పోవచ్చు, అందుకే అన్నీ ఒకేసారి పంపండి.

అసలు తలనొప్పి "వెరిఫైడ్" అని జవాబొస్తే. బ్యాంకు తన రికార్డు చూసి అదే చెప్పిందన్నమాట, మీ స్టేట్‌మెంట్ ఎవరూ తెరవకపోయి ఉండొచ్చు. ఎలా విచారించారో చెప్పమని బ్యూరోని రాతపూర్వకంగా అడగండి, 15 రోజుల్లో చెప్పాలి. అదే డిస్ప్యూట్‌ని మక్కీకి మక్కీగా మళ్లీ వేస్తే పసలేనిదని పక్కన పెట్టేస్తారు. ఆ 92 డాలర్లు ఏ ఖాతాలో జమైందో మీ బ్యాంకు నుంచి ఉత్తరం తెచ్చి, కొత్త ఆధారంగా వెయ్యండి. దానికీ కదలకపోతే ఆర్థిక సేవల్లో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ సీఎఫ్‌పీబీకి ఫిర్యాదు చెయ్యండి.

తప్పు తీసేశాక, గత ఆరు నెలల్లో మీ రిపోర్టు తీసుకున్నవాళ్లకి సవరించినది పంపమని బ్యూరోని అడగొచ్చు. మీ కారు లోన్ వాళ్ల పేరు అందులో చేర్చండి.