20 ఓవర్ల ఇన్నింగ్స్ ఎంతసేపు పడుతుంది?

"అన్నా, ఆదివారం తిరుపతిలో మా 20 ఓవర్ల మ్యాచ్. గంటకు 14 ఓవర్ల లెక్కన 1.43 వచ్చింది. అంటే గంటా 43 నిమిషాలా? ఐదేసి నిమిషాల డ్రింక్స్ బ్రేకులు రెండున్నాయి."

తేడా దశాంశం దగ్గరే. 1.43 అనేది గంటలు, 60తో గుణించాలి.

1. 20 ÷ 14 × 60 = సుమారు 86 నిమిషాలు.
2. బ్రేకులు 10 కలిపితే 96. తొమ్మిదికి మొదలైతే 10:36కి అయిపోతుంది.

ఎక్కువమంది చూడనిది, ఆ 14 ఎలా వచ్చిందనేది. పాత ఇన్నింగ్స్ మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా గడియారం చూసి తీసుంటే బ్రేకులు అందులోనే ఉన్నట్టు, మళ్లీ కలపొద్దు. బ్రేకులు తీసేసి కట్టిన రేటైతేనే కలపాలి. ఐపీఎల్‌లో ఇలాగే కడతారు: గంటకు 14.11 చొప్పున 85 నిమిషాల ఆట, రెండున్నర నిమిషాల టైమ్‌అవుట్లు రెండు, మొత్తం 90.

బంతి కంపచెట్లలో పడే గ్రౌండైతే వెతికే టైము వేరుగా పెట్టుకోండి.