వారం వారం జరిగే మీటింగ్‌ను ఎవరూ నొచ్చుకోకుండా ఆపడం ఎలా?

ప్రశ్న: మేడమ్, బీటెక్ అయ్యాక ఓ కంపెనీలో ట్రైనీగా చేరాను. ప్రాజెక్టు లైవ్‌కి వెళ్లినా ప్రతి మంగళవారం స్టేటస్ మీటింగ్ నడుస్తూనే ఉంది. 14 మందిలో నలుగురైదుగురే వస్తున్నారు. "దాన్ని ఆపేసి అందరికీ చెప్పెయ్" అని మేనేజర్ నాకు అప్పగించారు. అందరూ సీనియర్లే. ఎలా చెప్పాలి?

జవాబు: ఇప్పుడే క్యాలెండర్ ముట్టుకోకండి. ఇంకా వస్తున్న ఆ నలుగురైదుగురితో ముందు విడివిడిగా మాట్లాడండి. ఖాళీ మీటింగ్‌కి ఊరికే ఎవరూ రారు. టెస్టింగ్ వాళ్లకు తర్వాతి రిలీజ్ తేదీ తెలిసేది అక్కడొక్కచోటే కావచ్చు, సపోర్ట్ వాళ్లు కస్టమర్ ఫిర్యాదులు చెప్పుకునేదీ అక్కడే కావచ్చు. గత నెల నోట్స్ తిరగేస్తే ఇలాంటివి ఒకటో రెండో బయటపడతాయి. వాటికి వేరే చోటు, చూసుకునే మనిషి కుదరకుండా మీటింగ్ ఆపితే రెండు వారాల్లో అదే మీటింగ్ ఇంకో పేరుతో తిరిగొస్తుంది.

తర్వాత మెయిల్. చివరి మీటింగ్‌కి నాలుగైదు రోజుల ముందే 14 మందికీ పంపండి, రానివాళ్లకు కూడా.

"అందరికీ నమస్కారం. రిలీజ్ పూర్తయింది కాబట్టి మేనేజర్ గారితో మాట్లాడి మంగళవారం స్టేటస్ మీటింగ్‌ను ముగిస్తున్నాం. వచ్చే మంగళవారం జరిగేదే చివరిది. ఇకపై రిలీజ్ తేదీలు టీమ్ ఛానెల్‌లో పెడతాం, ఫిర్యాదులు సపోర్ట్ లీడ్ గారు చూస్తారు. ఇంకేదైనా మిగిలిపోతుందనిపిస్తే సోమవారంలోగా నాకు చెప్పండి."

"ఎవరూ రావడం లేదు కాబట్టి" అని మాత్రం రాయకండి. ట్రైనీ చేతి నుంచి వస్తే అది సీనియర్లకు ఎత్తిపొడుపులా తగులుతుంది. "ప్రస్తుతానికి ఆపుతున్నాం" అని కూడా వద్దు. మళ్లీ ఎప్పుడు మొదలవుతుందని అడుగుతూనే ఉంటారు.

చివరి మీటింగ్ అయ్యాకే క్యాలెండర్ పని. ఆ ఇన్విటేషన్ మేనేజర్ పేరు మీద ఉంటే ఆయన చేతే తీయించాలి. మీరు డిలీట్ చేస్తే మీ ఒక్కరి క్యాలెండర్‌లోంచే పోతుంది. గూగుల్ క్యాలెండర్‌లో రాబోయే మంగళవారం ఈవెంట్ తెరిచి డిలీట్ నొక్కి, "This and following events" ఎంచుకోవాలి. తొందరలో "All events" నొక్కితే జరిగిపోయిన మీటింగులూ, వాటికి తగిలించిన నోట్స్ లింకులూ అందరి క్యాలెండర్లలోంచి పోతాయి. అసలు చాలామంది పొరపడేది ఇక్కడే. అతిథులకు మెయిల్ పంపాలా అని అడిగినప్పుడు పంపమనండి. లేకపోతే మీటింగ్ చెప్పాపెట్టకుండా మాయమైందని అనుకుంటారు. అవుట్‌లుక్ అయితే మొత్తం సిరీస్‌ను క్యాన్సిల్ చేయకుండా, సిరీస్ ముగింపు తేదీని చివరి మీటింగ్ రోజుకు మార్చి అప్‌డేట్ పంపిస్తే పాతవి నిలుస్తాయి.

ఏదైనా వారం మీటింగ్‌ను బుధవారానికి జరిపి ఉంటే అది విడిగా మిగిలిపోవచ్చు, రాబోయే నెలంతా ఓసారి చూసుకోండి. మీటింగ్ రూమ్ విడిగా బుక్ చేసి ఉంటే ఆ బుకింగ్ కూడా రద్దు చేయండి. ఆ తర్వాత ఎవరైనా "ఓసారి కూర్చుందాం" అంటే కాదనకండి. ఆ ఒక్క విషయానికి, సంబంధం ఉన్న ఇద్దరు ముగ్గురితో, ఒక్కసారికే బుక్ చేయండి.