చేపల ధర, అలల ఎత్తు: నీ ప్రాజెక్టు గురించి

చిన్నా,

నువ్వు పంపిన రిగ్రెషన్ చూశాను. వంజరం ధర పెరిగితే అమ్మకం కూడా పెరుగుతోందని వచ్చిందని టెన్షన్ పడుతున్నావు. లెక్క తప్పు కాదు, అడిగిన తీరే తప్పు.

ఆదివారం పొద్దున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే కాలు పెట్టడానికి చోటుండదు. కొనేవాళ్లు ఎక్కువ కాబట్టి ధరా పెరుగుతుంది, అమ్మకమూ పెరుగుతుంది. ధర అమ్మకాన్ని పెంచలేదు, గిరాకీ రెండింటినీ పెంచింది. ఆ గిరాకీ నీ డేటాలో కాలమ్‌గా లేదు, ఎర్రర్ టర్మ్‌లో కూర్చుంది. ధర దానితో కలిసి కదులుతోంది. ఎండోజెనిటీ అంటే ఇదే. ఆదివారానికి డమ్మీ పెట్టినా పెళ్లిళ్లు, పండగలు, హోటళ్ల ఆర్డర్లు మిగిలే ఉంటాయి.

కొనేవాళ్ల మనసుతో సంబంధం లేకుండా ధరను కదిపేది ఒకటి కావాలి, దాన్నే ఇన్‌స్ట్రుమెంట్ అంటారు. సముద్రం ఉంది కదా! అలలు పెద్దవైతే పడవలు వెళ్లవు, సరుకు తగ్గి ధర పెరుగుతుంది. ఎంవీపీ కాలనీలో కూర కొనేవాళ్లకు నడిసముద్రంలో అల ఎంత ఎత్తో పట్టదు. న్యూయార్క్ ఫుల్టన్ చేపల మార్కెట్‌పై ఆర్థికవేత్త క్యాథరిన్ గ్రాడీ చేసిన పని కూడా ఇలాంటిదే.

ఊరికే అంకెలు అనుకుందాం. ప్రశాంతమైన రోజుల్లో సగటు ధర కిలో 400, అమ్మకం 10 టన్నులు. అలల రోజుల్లో 500, 8 టన్నులు. అలలు ధరను 100 పెంచి, అమ్మకాన్ని 2 టన్నులు తగ్గించాయి. లాగ్‌లలో అమ్మకం తేడాను ధర తేడాతో భాగిస్తే ఎలాస్టిసిటీ -1, అంటే ధర ఒక శాతం పెరిగితే అమ్మకం దాదాపు ఒక శాతం తగ్గుతుంది. ఆదివారం గిరాకీ ఇందులోకి చొరబడలేదు, ఎందుకంటే అల వారం చూసి రాదు.

స్టాటాలో ఇలా, lq అమ్మకం లాగ్, lp ధర లాగ్, wave అల ఎత్తు:

```
ivregress 2sls lq sunday karthika rain (lp = wave), vce(robust)
estat firststage
```

ఈ కమాండ్ మొదటి దశలో అలతో ధరను అంచనా వేసి, రెండో దశలో ఆ అంచనా ధరతో అమ్మకాన్ని చూస్తుంది. ఆ రెండు దశలూ నువ్వే విడివిడిగా చేయకు, స్టాండర్డ్ ఎర్రర్లు తప్పొస్తాయి. మొదటి దశ ఎఫ్ విలువ 10 దాటకపోతే అల ధరను సరిగ్గా కదపట్లేదని అర్థం. అప్పుడు వచ్చిన గుణకాన్ని నమ్మొద్దు. పెద్ద బోట్లు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటాయి కాబట్టి, ఆ రోజు అల బదులు అంతకు ముందు రెండు మూడు రోజుల సగటు పెట్టి చూడు.

కోడ్‌లో karthika ఎందుకు పెట్టానో అడుగుతావు. తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి, కార్తీక మాసమూ అప్పుడే. సగం ఊరు నీసు మానేస్తుంది. ఆ డమ్మీ లేకపోతే మానేసినవాళ్ల లెక్క కూడా ధర ఖాతాలోకే పోయి, జనం ధరకు ఉన్నదానికన్నా ఎక్కువ స్పందిస్తున్నట్టు కనిపిస్తుంది. rain కూడా అందుకే: వాన పడితే జనం బజారుకే రారు. తుపాను ఊరి మీదకు వచ్చిన రోజులను తీసేయడమే మేలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రోజులనూ పక్కన పెట్టు.

అల గిరాకీని నేరుగా తాకదన్న మాటను ఏ పరీక్షా రుజువు చేయదు, ఒక్కటే ఇన్‌స్ట్రుమెంట్ ఉన్నప్పుడు అసలే కుదరదు. వైవాలో పట్టుకునేది అక్కడే. టేబుల్ చూపించకుండా మార్కెట్ సంగతి చెప్పి వాదించు.

మీ పెద్దమ్మ