డ్రాప్‌షిప్పింగ్: 30 డాలర్ల ఆర్డరులో మిగిలేదెంత?

అమెరికాకి కొత్తగా వచ్చిన మనవాళ్లలో, ముఖ్యంగా డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న అమ్మాయిలు, మాస్టర్స్ చదువుతున్న పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది: "సరుకు కొని పెట్టుకోనక్కర్లేదట, ప్యాకింగ్ కూడా మనం చెయ్యక్కర్లేదట, డ్రాప్‌షిప్పింగ్ మొదలుపెట్టనా అక్కా?" ఆ రెండు మాటలూ నిజమే. కానీ ఆ పనులు మన చేతిలో లేకపోవడం వల్లే అసలు ఇబ్బంది వస్తుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. మీరు షాపిఫై లాంటి చోట ఒక వెబ్‌సైట్ పెడతారు. సరఫరాదారు దగ్గరున్న వస్తువు ఫొటోలు, మీరు నిర్ణయించిన ధర అందులో పెడతారు. ఫేస్‌బుక్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో యాడ్ వేస్తారు. ఎవరైనా కొంటే, ఆ ఆర్డరు వివరాలు సరఫరాదారుకి పంపి అతని ధర కడతారు. చాలా సందర్భాల్లో అతను చైనాలో ఉంటాడు. వస్తువు అక్కణ్ణుంచి నేరుగా కస్టమర్ ఇంటికి వెళ్తుంది. మీరు దాన్ని కంటితో కూడా చూడరు.

ఇప్పుడు లెక్క చూద్దాం. చిన్న హెయిర్ స్ట్రెయిట్‌నర్ ఒకటి 30 డాలర్లకి అమ్ముతున్నారనుకోండి. సరఫరాదారుకి 7 డాలర్లు, షిప్పింగ్‌కి 5, దిగుమతి సుంకం 2 అనుకుందాం. కార్డు ఫీజు 2.9 శాతం, దాని మీద 30 సెంట్లు, అంటే 1.17. ఇంతవరకు సగం డబ్బు మిగిలినట్టే కనిపిస్తుంది, వీడియోల్లో చూపించే లాభం కూడా ఇదే. యాడ్ ఖర్చు కలపండి. ఒక్కో క్లిక్‌కి 25 సెంట్లు పడి, వందమందిలో ఇద్దరు కొంటే, ఒక్కో అమ్మకానికి 12.50 డాలర్లు యాడ్‌కే పోతాయి. మొత్తం ఖర్చు 27.67. మిగిలింది 2.33.

నెలలో 100 ఆర్డర్లు వచ్చాయనుకోండి, 233 డాలర్లు. వెబ్‌సైట్ అద్దె 39 పోతే 194. అందులో ఆరుగురు వస్తువు బాలేదనో, ఆలస్యమైందనో డబ్బు వెనక్కి అడిగారు. వాళ్లకి 180 డాలర్లు తిరిగి ఇవ్వాలి. సరుకు, షిప్పింగ్, యాడ్ ఖర్చులు మీకు వెనక్కి రావు. కార్డు ఫీజు కూడా మామూలుగా తిరిగి ఇవ్వరు. ఆ ఆరుగురిలో ఇద్దరు మిమ్మల్ని అడక్కుండా బ్యాంకుకే ఫిర్యాదు చేశారు. దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు, ఒక్కోదానికి 15 డాలర్ల ఫీజు. 194లోంచి 180 పోయి, ఇంకో 30 పోతే, 3,000 డాలర్ల అమ్మకం మీద 16 డాలర్లు నష్టం. మీ రాత్రిళ్ల కష్టం ఇందులో లెక్కెయ్యలేదు.

సుంకం సంగతి విడిగా చెప్పాలి. 2016 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లు సుంకం లేకుండా అమెరికాలోకి వచ్చేవి. చైనా, హాంకాంగ్ సరుకుకి ఆ వెసులుబాటు 2025 మే 2న, మిగతా దేశాలకి ఆగస్టు 29న తీసేశారు. అంతకుముందు తీసిన వీడియోలు చూసి లెక్కలు వేసుకోకండి. సరఫరాదారు "సుంకం నేనే కడతాను" అంటే, అది ధరలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కలవకపోతే బిల్లు కస్టమర్ మీద పడుతుంది, అతను పార్సిల్ తీసుకోడు.

లెక్క ఇంత సన్నగా ఉన్నప్పుడు, వందలో ఆరు రిటర్నులా, రెండా అన్నదే మీ వ్యాపారం. అది తేల్చేది సరఫరాదారు.

నాకు తెలిసినావిడ ఇలాంటి స్ట్రెయిట్‌నరే అమ్మింది. తెప్పించుకున్న శాంపిల్ చక్కగా ఉంది, చదునైన పిన్నుల అమెరికా ప్లగ్‌తో వచ్చింది. కొన్ని వారాలు అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక కస్టమర్ ఫొటో పంపింది. వైరు చివర రెండు గుండ్రటి పిన్నుల యూరప్ ప్లగ్, పక్కనే పెట్టెలో పడేసిన చవక అడాప్టర్. 220 వోల్టులకి చేసిన ఆ వస్తువు ఇక్కడి 120 వోల్టులకి సరిగా వేడెక్కలేదు. తీరా ఆరా తీస్తే, ఫ్యాక్టరీ అనుకున్న ఆ సరఫరాదారు అసలు ఫ్యాక్టరీయే కాదు. నాలుగు చోట్ల కొని అమ్మే మధ్యవర్తి. ఒకచోట సరుకు అయిపోతే ఇంకోచోట దొరికింది పంపాడు. లిస్టింగ్‌లో ఫొటో మాత్రం మారలేదు.

అందుకే ఒక్క శాంపిల్ చూసి నమ్మకండి. యాడ్ వెయ్యకముందే రెండు మూడు వారాల తేడాతో ఇంకో రెండు ఆర్డర్లు, మామూలు కస్టమర్‌లాగా, వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితుల పేరు మీద పెట్టించండి. వచ్చినవాటిని పక్కపక్కన పెట్టి చూడండి. వంటింటి త్రాసు మీద తూచండి, ప్లగ్, వైరు పొడవు, పెట్టె మీద ముద్రణ పోల్చండి. బరువులో తేడా ఉంటే లోపలి వస్తువు వేరని అనుమానించాల్సిందే.

ట్రాకింగ్ కూడా జాగ్రత్తగా చదవండి. నంబరు రాగానే సరుకు బయల్దేరిందని అర్థం కాదు. లేబుల్ తయారైన తేదీకి, కొరియర్ మొదటిసారి స్కాన్ చేసిన తేదీకి మధ్య వారం గడిస్తే, అతని దగ్గర స్టాక్ లేదని, మీ ఆర్డరు వచ్చాక వెతుక్కుంటున్నాడని అనుకోవచ్చు. చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఫ్యాక్టరీలు రెండు మూడు వారాలు మూతపడతాయి. ఏ తేదీ వరకు పంపగలరో నెల ముందే అడిగి, ఆ రోజుల్లో యాడ్లు ఆపెయ్యండి.

ఆలస్యం జరిగితే "సరఫరాదారు పంపలేదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. కస్టమర్ దృష్టిలో, చట్టం దృష్టిలో అమ్మింది మీరే. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం మీరు చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో సరుకు పంపాలి. పంపలేకపోతే ఆ సంగతి తెలియజేసి, ఆర్డరు రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలి. ఫిర్యాదులు పెరిగితే పేమెంట్ కంపెనీ మీ డబ్బుని కొంతకాలం ఆపేస్తుంది. అప్పుడు వచ్చిన కొత్త ఆర్డర్లకి సరఫరాదారుకి కట్టాల్సింది మీ క్రెడిట్ కార్డు నుంచే. చాలామంది మునిగేది సరిగ్గా ఇక్కడే. కాబట్టి కనీసం ఒక నెల ఆర్డర్లకి సరిపడా సొంత డబ్బు విడిగా లేకుండా యాడ్లు పెంచకండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా వీసా సంగతి తేలనిదే వెబ్‌సైట్ తెరవకండి. పని అనుమతి కార్డు లేని హెచ్-4 వాళ్లు, ఎఫ్-1 విద్యార్థులు సొంతంగా ఆర్డర్లు చూస్తూ, యాడ్లు నడుపుతూ ఉంటే అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు. లాభం రాలేదన్నది అక్కడ పనికిరాదు. హెచ్-1బి అయితే ఆ అనుమతి మిమ్మల్ని స్పాన్సర్ చేసిన యజమాని దగ్గర చేసే పనికే. వెబ్‌సైట్ స్నేహితుడి పేరు మీద పెట్టి పని మీరు చేసినా పరిస్థితి మారదు. షాపిఫైకి డబ్బు కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టి, మీరు రోజూ చెయ్యబోయే పనులేంటో విడివిడిగా చెప్పి అడగండి.